‘ఐ’ అంటే ఒక్కరే కదా, ‘వర్’ ఎందుకు?

*నమస్కారం సార్. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ఇంటి దగ్గరే ఇంగ్లిషు ట్యూషన్ చెబుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు “టీచర్, ఐ అంటే ఒక్కరే కదా, మరి ఇఫ్ ఐ వర్ అని బహువచనం ఎందుకు పెడతారు?” అని అడిగాడు. గౌరవం కోసమేమో అని చెప్పాను కానీ నాకే నమ్మకం లేదు. విష్, సపోజ్ వచ్చినప్పుడు కూడా ఎప్పుడూ వర్ పెట్టాలా? ఇఫ్ ఐ వాజ్ అని రాస్తే మార్కులు పోతాయా? వాడు రాసిన నాలుగు వాక్యాలను నేను దిద్దిన కాగితం కూడా పంపుతున్నాను.*

*– ఒక ట్యూషన్ టీచర్, జగిత్యాల జిల్లా*

అమ్మా,

ముందుగా ఆ పిల్లవాడికి ఈ మాట చెప్పండి. “ఇఫ్ ఐ వర్” లోని ‘వర్’ బహువచనం కాదు. బహువచనంలా కనిపించే మరో రూపం. నేను చదువుకున్న రోజుల్లో మా ఇంగ్లిషు మాస్టారు దీన్ని “మినహాయింపు, బట్టీ పట్టండి” అనేవారు. చాలా ఏళ్లు నేనూ హనుమకొండలో పిల్లలకు అదే చెప్పాను. ఆ జవాబు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఎందుకంటే ఇందులో మినహాయింపు ఏమీ లేదు. దీని వెనుక చక్కని కారణం ఉంది, ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే కారణమే.

సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో జరిగిపోయిన సంగతి చెప్పడానికి ఒక రూపం, జరగనిది ఊహించడానికి మరో రూపం ఉండేవి. ఈ రెండో దాన్నే సబ్‌జంక్టివ్ అంటారు. “నేను ఉన్నాను” అని గతాన్ని చెప్పాలంటే ‘వ్యాస్’ అనేవారు. “మేము ఉన్నాం” అనాలంటే ‘వ్యారొన్’. ఊహలోనైతే ఒక్కరికి ‘వ్యారె’, ఎక్కువ మందికి ‘వ్యారెన్’. అంటే ఊహకు కూడా ఏకవచనం, బహువచనం వేరువేరుగా ఉండేవి. కాలం గడిచిన కొద్దీ ఇంగ్లిషు మాటల చివరి అచ్చులు, వాటి వెంట ఉన్న ‘న్’ అరిగిపోయాయి. వ్యారొన్, వ్యారె, వ్యారెన్ మూడూ తోకలు ఊడి ఒక్క ‘వర్’ అయ్యాయి. మూడు వాగులు వచ్చి ఒకే చెరువులో కలిశాక ఏ నీళ్లు ఏ వాగువో చూసి చెప్పలేం. “వియ్ వర్” లోనిది ఒక వాగు నీరు, “ఇఫ్ ఐ వర్” లోనిది మరో వాగు నీరు. రెండోది ఆ పాత ఏకవచనం ‘వ్యారె’ నుంచి నేరుగా దిగివచ్చింది.

అయితే ఈ పోలిక ఉత్త కాకతాళీయం కూడా కాదు. పాత ఇంగ్లిషులో లోపలి అచ్చును మార్చుకునే క్రియలకు ఊహారూపం, గతకాలపు బహువచన రూపం ఒకే కాండం మీద మొలిచేవి, చివరలు మాత్రం వేరుగా ఉండేవి. పాడటం అనే క్రియ చూడండి. “నేను పాడాను” అంటే ‘సాంగ్’, “మేము పాడాం” అంటే ‘సుంగొన్’, “నేను పాడితే” అనే ఊహకు ‘సుంగె’. తర్వాత ఆ క్రియకు అన్నిచోట్లా ‘సాంగ్’ ఒక్కటే స్థిరపడింది. దాదాపు అన్ని క్రియలదీ అదే కథ. ఉండటం అనే క్రియను మనుషులు రోజుకు ఎన్నిసార్లు వాడతారో లెక్క ఉండదు కాబట్టి అది మాత్రం తన పాత రూపాలను వదులుకోలేదు. అందుకే ఈ తేడా ‘వాజ్’, ‘వర్’ దగ్గర మాత్రమే మనకు కనిపిస్తుంది.

దీనికి సాక్ష్యం కావాలంటే ఇంగ్లిషుకు దగ్గరి చుట్టమైన జర్మన్ ఉంది. జర్మన్‌లో “నేను ఉన్నాను” అనే గతానికి ‘ఇఖ్ వార్’, “మేము ఉన్నాం” అనడానికి ‘వీర్ వారెన్’, “నేనే గనక అయితే” అనే ఊహకు ‘ఇఖ్ వేర’ అంటారు. అక్కడ తోకలు అరగలేదు కాబట్టి మూడూ ఇప్పటికీ విడివిడిగా ఉన్నాయి. ఊహారూపం బహువచనమే అయితే ‘వేర’, ‘వారెన్’ రెండూ ఒకటే కావాలి కదా!

మీరు చెప్పిన గౌరవం సంగతి పూర్తిగా తప్పు కాదు, కానీ అది పక్క వాక్యానికి చెందిన జవాబు. ‘యు’ మొదట్లో బహువచనం మాత్రమే. ఎదుట ఒక్కరే ఉంటే ‘దౌ’ అనేవారు. పెద్దవాళ్లను బహువచనంతో పిలవడం అలవాటై, చివరికి అందరినీ ‘యు’ అనడం స్థిరపడింది. మనం ఒక్కరిని “మీరు వచ్చారు” అన్నట్టే ఒక్కరితో “యు వర్” అనడం అలా వచ్చింది. కాబట్టి “యు వర్” గురించి అడిగి ఉంటే మీ జవాబు సరిపోయేది. పిల్లవాడు అడిగింది ‘ఐ’ గురించి. అక్కడ గౌరవానికి పని లేదు.

వాడికి జర్మన్, పాత ఇంగ్లిషు చెప్పనక్కర్లేదు. తెలుగులో “ఆమె వచ్చింది” అంటాం, “ఆవు వచ్చింది” అంటాం. క్రియ ఒకటే. అంతమాత్రాన ఆమె ఆవు అయిపోదు. రెండు వేరువేరు పనులకు ఒకే రూపం వాడుతున్నాం, అంతే. “దే వర్”, “ఇఫ్ ఐ వర్” కూడా అంతేనని చెప్పండి, వెంటనే పట్టుకుంటాడు.

ఇక ‘వర్’ ఎప్పుడు పెట్టాలన్నది. మన పిల్లలు అసలు తడబడేది ఇక్కడే. దానికి కారణం మన చేదర్థకంలో ఉంది. “వర్షం కురిస్తే పంట పండుతుంది” అంటాం. “వర్షం కురిస్తే పంట పండేది” అని కూడా అంటాం. రెండింటిలోనూ మొదటి సగం ఒకటే, ‘కురిస్తే’. మొదటి వాక్యంలో వర్షం రావచ్చు, రాకపోవచ్చు. రెండో వాక్యంలో వర్షం లేదని మాట్లాడేవాడికి తెలుసు. ఆ తేడా అంతా చివరి క్రియలోనే చూపిస్తాం, ‘పండుతుంది’, ‘పండేది’ అని. ఇంగ్లిషు ఆ తేడాను రెండు సగాల్లోనూ చూపిస్తుంది. ‘ఇఫ్’ ఉన్న సగంలో క్రియ ఒక అడుగు వెనక్కి, అంటే గతకాలపు రూపంలోకి, జరుగుతుంది, రెండో సగంలో ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతుంది. తెలుగులో మొదటి సగం మారదు కాబట్టి మన పిల్లలు ఇంగ్లిషులో కూడా దాన్ని అలాగే వదిలేస్తారు.

మరో సంగతి. “పంట పండేది” అన్నప్పుడు మనం వాడుతున్నది గతంలోని అలవాటును చెప్పే రూపమే. “చిన్నప్పుడు మా ఊరు బాగుండేది” అంటాం. “ఇప్పుడు నాన్న ఇక్కడ ఉంటే బాగుండేది” అని కూడా అంటాం. రెండో వాక్యం గతం గురించి కాదు, ఈ క్షణం గురించే. అయినా గతం మాట వాడాం. ఎందుకు? లేనిది మనకు దూరంగా ఉంటుంది, ఆ దూరాన్ని చూపించడానికి గతాన్ని అరువు తెచ్చుకుంటాం. ఇంగ్లిషు చేసేదీ సరిగ్గా ఇదే. అందుకే సబ్‌జంక్టివ్ తెలుగువాడికి కొత్త సంగతి అని నేను ఎన్నడూ అనను. ఇంట్లో రోజూ మాట్లాడేదే.

ఇప్పుడు మీరు పంపిన కాగితం చూద్దాం. వాడి మొదటి వాక్యం “ఐ విష్ మై ఫాదర్ ఈజ్ హియర్”. మీరు ‘ఈజ్’ కొట్టేసి ‘వర్’ పెట్టారు. సరిగ్గా దిద్దారు. నాలుగో వాక్యంలో దుబాయ్ మాట చూశాక వాళ్ల నాన్న ఎక్కడున్నారో నాకు అర్థమైంది. ‘ఈజ్ హియర్’ అంటే నాన్న ఇక్కడే ఉన్నారని అర్థం. ‘వర్ హియర్’ అంటేనే ఆయన లేరన్న సంగతి ఆ వాక్యంలోకి వస్తుంది. ఎర్ర సిరాతో ఆ ఒక్క మాట మార్చి ఊరుకోకుండా, పక్కన “నాన్న ఇక్కడ ఉంటే బాగుండేది” అని తెలుగులో రాసి ‘బాగుండేది’ కింద గీత గీయండి. ఆ గీత, ‘వర్’ రెండూ ఒకే పని చేస్తున్నాయని వాడికే కనిపిస్తుంది.

‘విష్’ తర్వాత ప్రతిసారీ ‘వర్’ రావాలని లేదు. వెనక్కి జరగడమే అసలు నియమం, ఉండటం అనే క్రియ వస్తే దాని రూపం ‘వర్’ అవుతుంది. సైకిల్ లేని పిల్లవాడు “ఐ విష్ ఐ హాడ్ ఎ సైకిల్” అంటాడు. అక్కడ ‘హ్యావ్’ వెనక్కి జరిగి ‘హాడ్’ అయింది. కోరుకుంటున్న సంగతే గతంలోదైతే ఇంకో అడుగు వెనక్కి వేయాలి. కిందటి బతుకమ్మకు నాన్న లేరన్న బాధను ఇప్పుడు చెప్పాలంటే “ఐ విష్ మై ఫాదర్ హాడ్ బీన్ హియర్ ఫర్ బతుకమ్మ” అనాలి. తెలుగులో కూడా “నాన్న ఉండి ఉంటే బాగుండేది” అంటూ ఒక ‘ఉండి’ అదనంగా పెడతాం, చూశారా.

రాబోయే రోజుల గురించైతే ‘విష్’తో జాగ్రత్త. మన పిల్లలు “ఐ విష్ మై ఫాదర్ విల్ కమ్” అని రాస్తుంటారు. అది ఇంగ్లిషు కాదు. వస్తారన్న ఆశ ఉంటే ‘హోప్’ వాడాలి. “ఐ విష్ మై ఫాదర్ వుడ్ కమ్ హోమ్” అనవచ్చు, వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ అందులో ఒక నిష్ఠూరం ఉంటుంది. రావడం ఆయన చేతిలో ఉన్నా రావడం లేదన్న ధ్వని వినిపిస్తుంది. సెలవు దొరక్క రాలేకపోతున్న తండ్రి గురించి కొడుకు ఆ వాక్యం రాస్తే చదివేవాళ్లు వేరుగా అర్థం చేసుకుంటారు. వాడికి ఆ తేడా తప్పకుండా చెప్పండి. పుట్టినరోజు శుభాకాంక్షల్లో వచ్చే ‘విష్’ వేరే వాడుక, దానికి ఈ నియమంతో సంబంధం లేదు.

రెండో వాక్యం “సపోజ్ ద బస్ ఈజ్ లేట్, వాట్ విల్ యు డూ?” మీరు ‘ఈజ్’ కొట్టేసి ‘వర్’ పెట్టారు. ఇక్కడ పిల్లవాడే ఒప్పు. బస్సు ఆలస్యం కావడం ఊహ కాదు, రేపు పొద్దున్నే జరగవచ్చు. జరగగల సంగతైతే ‘సపోజ్’ తర్వాత మామూలు వర్తమానం చాలు. “బస్సు ఆలస్యమైతే ఏం చేస్తావు?” అని తెలుగులో అనుకుంటే ‘చేస్తావు’ అన్న క్రియే ఆ సంగతి చెబుతోంది.

బస్సు ఆలస్యం కాదులే, ఒకవేళ అయిందే అనుకుందాం అనే ధోరణిలో అడగదలిస్తే ‘వర్’ పెట్టవచ్చు, అది తప్పు కాదు. అప్పుడు రెండో సగం కూడా మారి “వాట్ వుడ్ యు డూ?” కావాలి. మీరు మొదటి సగం మార్చి రెండో సగంలో ‘విల్’ అలాగే ఉంచారు. ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వీధిలో పెట్టినట్టయింది. ‘సపోజ్’ దగ్గర నేను చూసే తప్పుల్లో ఎక్కువ ఇలాంటివే. “సపోజ్ యు వర్ ద కలెక్టర్, వాట్ వుడ్ యు డూ?” అన్న వాక్యంలో రెండు సగాలు ఎలా ఒకదానికొకటి తగినట్టున్నాయో చూపించండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు కలెక్టర్ కాడు, కాబట్టి అక్కడ ‘వర్’ ఉండాల్సిందే.

మూడో వాక్యం “మై మదర్ ఆస్క్‌డ్ ఇఫ్ ఐ వర్ హంగ్రీ”. దీనికి మీరు ఒప్పు అని టిక్కు పెట్టారు. ఇక్కడ ‘వాజ్’ ఉండాలి. ‘ఇఫ్’ కనిపించగానే ‘వర్’ పెట్టేయడం బాగా చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు, నియమం నేర్చుకున్న ఉత్సాహంలో వచ్చే తప్పు అది. తెలుగులో పెట్టి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. “నాకు ఆకలిగా ఉందా అని అమ్మ అడిగింది” అంటామే తప్ప “ఆకలిగా ఉంటే అమ్మ అడిగింది” అనం. ‘ఇఫ్’ తెలుగులో ‘-తే’ అయితేనే సబ్‌జంక్టివ్ గురించి ఆలోచించాలి. ‘ఆ అని’ అయితే అది ప్రశ్నను తిప్పి చెప్పడం మాత్రమే, అక్కడ ‘వాజ్’ చాలు.

నిన్న నిజంగా జరిగిందో లేదో మనకు తెలియని సంగతికి కూడా ‘వాజ్’ పెట్టాలి. “ఇఫ్ హీ వాజ్ ఇన్ క్లాస్ యెస్టర్‌డే, హీ నోస్ ద ఆన్సర్.” నిన్న క్లాసులో ఉన్నాడేమో, ఉంటే జవాబు తెలిసే ఉంటుందని దాని అర్థం. లేడని మనం అనుకోవడం లేదు, అందుకే ‘వర్’ రాలేదు.

నాలుగోది నాకు బాగా నచ్చిన వాక్యం. “ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్, ఐ విల్ ఫ్లై టు దుబాయ్.” దీనికీ టిక్కు పెట్టారు. ‘వర్’ సరిపోయింది, ‘విల్’ మాత్రం ‘వుడ్’ కావాలి. ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పిల్లవాడు తెలుగులో “పక్షినైతే దుబాయ్ ఎగిరిపోతాను” అనుకుని ఉంటాడు. తెలుగులో అలా అనడం సహజమే, ‘ఎగిరిపోయేవాణ్ణి’ అనే తీరాలన్న నియమం మనకు లేదు. చివరి క్రియను చూసి తేల్చుకోమని పైన చెప్పిన పద్ధతి ఇలాంటి చోట పనిచేయదు. “నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి” లాంటి వాక్యంలోనూ పూర్తిగా పనిచేయదు. అది ఇప్పటి సంగతి కావచ్చు, నిన్నటిది కావచ్చు. ఇప్పటిదైతే ‘ఇఫ్ ఐ న్యూ’, నిన్నటిదైతే ‘ఇఫ్ ఐ హాడ్ నోన్’ అనాలి. తెలుగు వాక్యం ఆ తేడా చూపించదు.

అందుకని చివరి క్రియను చూశాక ఇంకో ప్రశ్న వేయించండి. “ఇది నిజమా, కాదా, తెలియదా?” తెలియదంటే మామూలు రూపం. కాదంటే ఒక అడుగు వెనక్కి, రెండో సగంలో ‘వుడ్’. అది నిన్నటి సంగతైతే రెండు అడుగులు వెనక్కి, రెండో సగంలో ‘వుడ్ హ్యావ్’. నేను పక్షినా? కాదు. అయితే రెండు సగాలూ మారాల్సిందే.

చివరికి మార్కుల సంగతి. పరీక్షలో ‘ఇఫ్ ఐ’ తర్వాత ఖాళీ ఇచ్చి ‘యామ్’, ‘వాజ్’, ‘వర్’ అని ఇస్తే, వాక్యం ఊహ అయినప్పుడు ‘వర్’ పెట్టమనే చెప్పండి. కానీ ‘వాజ్’ అనేవాళ్లకు ఇంగ్లిషు రాదని మాత్రం పిల్లలకు చెప్పవద్దు. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్లు మాటల్లో “ఇఫ్ ఐ వాజ్” అని విరివిగా అంటారు, కొన్ని వందల ఏళ్లుగా రాస్తున్నారు కూడా. మిగతా క్రియల్లో ఎన్నడో పోయిన తేడా ఇక్కడ కూడా మెల్లగా పోతోంది. రెండు చోట్ల మాత్రం ‘వర్’ గట్టిగా నిలిచింది. సలహా ఇచ్చేటప్పుడు వాడే “ఇఫ్ ఐ వర్ యు” ఒకటి. ‘ఇఫ్’ తీసేసి క్రియను ముందుకు తెచ్చే “వర్ ఐ ఎ కింగ్” లాంటి వాక్యం మరొకటి. ఈ రెండో చోట ‘వాజ్’ పెట్టడం మాటల్లో కూడా కుదరదు.

రేపు వాడికి కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు రెండో వాక్యం మీద గీసిన ఎర్ర గీత కొట్టేసి వాడి వాక్యమే సరైనదని రాయండి. మొదటి వాక్యం కింద మరో వాక్యానికి చోటు వదలండి. నాన్న దసరాకు వస్తానని ఫోనులో చెప్పి ఉంటే, అక్కడ వాడి చేత్తోనే “ఐ హోప్ మై ఫాదర్ కమ్స్ ఫర్ దసరా” అని రాయించండి. ఇక్కడ ‘కమ్స్’ ఎందుకు వెనక్కి జరగలేదో వాడినే చెప్పమనండి.